పుంజు ఉన్న దొడ్డి గుడ్లకి బలం ఎక్కువా? రక్తం మచ్చల కంప్లయింట్‌తో మొదలైన ఒక కేసు

చిన్న కోళ్ల ఫామ్. భార్యాభర్తలిద్దరే చూసుకుంటారు, హేచరీ ఏం లేదు, తినే గుడ్లు అమ్ముకోవడమే పని. రెండు దొడ్లు ఉన్నాయి. మొదటి దొడ్లో వంద దాకా పెట్టలు, పది పుంజులు, పొద్దున వదిలితే సాయంత్రం దాకా బయట గడ్డి గాదం పురుగు పుట్రా ఏరుకుని తింటాయి. రెండోది షెడ్డు, అందులో నూటయాభై దాకా లేయర్ కోళ్లు, పుంజు ఒక్కటి కూడా లేదు, బస్తా దాణా తప్ప ఇంకేం వెయ్యరు. మొదటి దొడ్డి గుడ్లని "జీవం ఉన్న గుడ్లు" అని లేబుల్ వేసి కాస్త ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. లేబుల్ మీద ఏం రాశారంటే ప్రోటీన్ ఎక్కువ, కొలెస్ట్రాల్ లేదు, హార్మోన్లు లేవు అని. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, ఒక్కోటీ తర్వాత మాట్లాడుకుందాం.

నన్ను పిలిచింది మాత్రం పోషకాల గురించి కాదు. ఎండాకాలం మొదలయ్యాక కంప్లయింట్లు వరసపెట్టి వస్తున్నాయంట, గుడ్డు కొడితే రక్తం కనిపిస్తోంది అని, ఒకాయనైతే తెల్లగా తాడులా ఉన్నది చూపించి ఇది పిల్ల, నాకు పిల్ల ఉన్న గుడ్డు అమ్మారు అని గొడవ పెట్టుకున్నాడంట. యజమాని వాదన ఏంటంటే రక్తం ఉందంటే జీవం ఉన్నట్టే కదా సార్, మేం చెప్పేది నిజమని అదే సాక్ష్యం, కొనేవాళ్లకే అర్థం కావట్లేదు అని. కానీ షెడ్డు గుడ్లలో కూడా ఒకటీ రెండూ రక్తం మచ్చలు వచ్చాయి, దాంతో మీరు రెండూ కలిపేస్తున్నారు అని ఇంకో నింద. పుంజే లేని షెడ్డులో రక్తం ఎలా వచ్చింది అన్న దగ్గర ఆయన వాదన ఆగిపోయింది, అందుకే పిలిచాడు.

వెళ్లగానే గుడ్లు చూడలేదు, ముందు గుడ్లు ఏరేది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పెడతారు అని అడిగా. ఏరేది ఆవిడే. "సాయంత్రం ఒక్కసారే ఏరతానండీ, పొద్దున పూట వీలుకాదు, ఏరినవి ఈ గదిలో పెడతాం, వారానికి ఒకసారి బండి వస్తుంది" అంది. గది పైన రేకులు. అక్కడ పెట్టిన థర్మామీటర్ మధ్యాహ్నానికి 33 డిగ్రీలు చూపించింది, రాత్రి కూడా 27కి తగ్గట్లేదు. గూళ్లలో చూస్తే మూడు పెట్టలు పొదుగుకి వచ్చి కదలకుండా కూర్చున్నాయి, చెయ్యి పెడితే పొడుస్తున్నాయి, వాటి కింద వేరే కోళ్లు పెట్టిన గుడ్లు కూడా ఉన్నాయి. నాకు సగం కేసు అక్కడే అర్థమైంది, కానీ గుడ్లు కొట్టి చూపించకపోతే వాళ్లకి నమ్మకం కుదరదు.

ఇక్కడ కొంచెం ఆగి గుడ్డు ఎలా తయారవుతుందో చెప్పాలి, ఎందుకంటే అపోహల్లో సగానికి పైగా ఈ వరస తెలియక పుట్టినవే. పచ్చసొన పెట్ట అండాశయంలో తయారవుతుంది, దానికి కావాల్సిన కొవ్వు, ప్రోటీన్ పెట్ట లివర్‌లో తయారై, మేతలోంచి వచ్చే విటమిన్లతో పాటు రక్తంలో కలిసి వచ్చి చేరతాయి. చివర్లో సొన గబగబా పెరిగే దశ ఒక్కటే వారం పది రోజులు పడుతుంది. నిండిన సొన విడుదలై గొట్టం మొదట్లో ఉండే గరాటు లాంటి భాగంలో పడుతుంది, అక్కడ ఉండేది పావుగంట ఇరవై నిమిషాలే, వీర్యకణం కలవాలంటే ఆ కాస్త టైంలోనే కలవాలి. ఆ తర్వాత ఒక మూడు గంటలు తెల్లసొన చుట్టుకుంటుంది, గంటా గంటన్నర లోపలి పొరలు, ఆ తర్వాత ఇరవై గంటలు పెంకు. మొత్తం కలిపి 24 నుంచి 26 గంటల్లో గుడ్డు బయటికొస్తుంది.

ఇప్పుడు చూడండి, వీర్యకణం వచ్చేసరికి పచ్చసొన నింపడం అయిపోయింది. తెల్లసొన తర్వాత వస్తుంది నిజమే, కానీ అది ఇచ్చేది పెట్ట గొట్టం, ఈ సొనలో వీర్యకణం కలిసిందా లేదా అని చూసి ఎక్కువా తక్కువా పోయదు. పుంజు వైపు నుంచి గుడ్డులోకి చేరేది ఏంటి అంటే డీఎన్ఏ, దాని బరువు గ్రాములో లక్ష కోట్ల వంతుకి కాస్త అటూ ఇటూ. సరుకంతా సర్ది మూట కట్టేశాక మూట మీద పేరు రాసినట్టు, పేరు రాస్తే మూటలో బియ్యం పెరగదు కదా. పెంకు తీశాక 50 గ్రాముల గుడ్డులో ప్రోటీన్ 6 గ్రాముల పైచిలుకు, కొవ్వు 5 గ్రాములు, కొలెస్ట్రాల్ 185 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, పుంజు ఉన్నా లేకపోయినా ఇంతే. కొలెస్ట్రాల్ లేదు అని రాసిన లేబుల్ ముక్క అయితే మరీ తప్పు, అసలు కొలెస్ట్రాల్ లేని పచ్చసొన అంటూ ఉండదు, పిల్ల పెరగాలంటే కణాల పొరలకి అది కావాలి, పెట్ట దాన్ని సొనలో పెట్టే తీరుతుంది.

హార్మోన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. పుంజు లేకుండా పెట్ట గుడ్డు ఎలా పెడుతుంది, ఏదో ఇంజెక్షన్ చేస్తేనే కదా అనే మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నా. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో సంబంధమే లేదు. రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు, సరిపడా దాణా, కాల్షియం, వయసు, ఇవి ఉంటే దాని మెదడే లోపలి హార్మోన్లని పంపించి గుడ్డు పెట్టిస్తుంది. షెడ్డులో సాయంత్రం బల్బులు వేసేది ఆ వెలుతురు లెక్క కోసమే. కాబట్టి ఈయన లేబుల్ మీద హార్మోన్లు లేవు అని రాస్తే, బయటి నుంచి ఇవ్వలేదు అనే అర్థంలో అది రెండు దొడ్లకీ ఒకేలా వర్తిస్తుంది, పెట్ట ఒంట్లో సహజంగా ఉండే హార్మోన్ల ఆనవాళ్లు కూడా రెండిట్లోనూ ఒకేలా ఉంటాయి.

సరే గుడ్లు కొట్టడం మొదలుపెట్టాం. మొదటి దొడ్డి నుంచి ఆ పూట పెట్టిన తాజా గుడ్లు ముప్ఫై, షెడ్డు నుంచి ముప్ఫై, తర్వాత రేకుల గదిలో నాలుగైదు రోజులుగా ఉన్నవి రెండు దొడ్లవీ ఒక్కో ట్రే. తెల్లటి ప్లేట్లలో ఒక్కోటీ మెల్లగా కొట్టి పచ్చసొన మీద ఆ చిన్న తెల్ల చుక్క పైకి వచ్చేలా చూడాలి. మామూలుగా అది తనంతట తానే పైకి తిరుగుతుంది, తిరగకపోతే చెంచా వెనక భాగంతో సొనని కొంచెం తిప్పాలి. మంచి వెలుతురు కావాలి, ట్యూబ్‌లైట్ కింద తేడా సరిగ్గా తెలియదు.

ఆ చుక్క ప్రతి గుడ్డులోనూ ఉంటుంది, చుక్క ఉంది కాబట్టి జీవం ఉంది అనుకోవద్దు. పుంజు కలవని గుడ్డులో ఆ చుక్క చిన్నగా, గట్టి తెలుపులో, అంచు వంకర టింకరగా ఉంటుంది, చుట్టూ చిన్న చిన్న బుడగల్లాంటివి కనిపిస్తాయి. పుంజు కలిసిన గుడ్డులో చుక్క కొంచెం పెద్దది, 4 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, గుండ్రంగా, మధ్యలో పల్చగా చుట్టూ తెల్లటి రింగుతో గురి చూసే చక్రంలా ఉంటుంది. ఎందుకంటే పెట్ట కడుపులో 41 డిగ్రీల దగ్గర ఒక రోజంతా గడిపి వచ్చింది కదా, బయటికొచ్చేసరికే వేల కణాలుగా విడిపోయి ఉంటుంది. ఇది విని ఆవిడ కొంచెం ఇబ్బంది పడింది, "అంటే పిల్ల ఉన్నట్టేనా అండీ" అని. పిల్ల కాదమ్మా, కణాల పల్చటి పొర, కళ్లు గుండె రక్తం ఏవీ ఇంకా మొదలవలేదు, చల్లగా పెడితే అక్కడే ఆగిపోతుంది అన్నా.

మొదటి దొడ్డి తాజా గుడ్లలో ఎక్కువ శాతం చక్రాలే, నాలుగైదు మాత్రం మామూలు చుక్కలు. అంటే జీవం ఉన్న గుడ్లు అని అమ్మే ట్రేలో కూడా అన్నీ ఫెర్టైల్, అంటే పుంజు కలిసినవి, కావు, పది పెట్టలకి ఒక పుంజు లెక్క సరిగ్గానే ఉన్నా కొన్ని పెట్టల్ని పుంజులు పట్టించుకోవు, కొన్ని పెట్టలు దొరకవు. షెడ్డు గుడ్లలో అన్నీ మామూలు చుక్కలే. రెండు రకాల్లోనూ పచ్చసొనకి అటూ ఇటూ తెల్లటి తాళ్లు ఉన్నాయి, తాజా గుడ్డులో ఇంకా బాగా కనిపిస్తాయి. గొడవపడ్డాయన పిల్ల అన్నది వీటినే. అవి సొనని గుడ్డు మధ్యలో ఆపే ప్రోటీన్ తాళ్లు, పిల్లతో ఏ సంబంధం లేదు, ఎంత గట్టిగా కనిపిస్తే గుడ్డు అంత తాజా అన్నమాట. షెడ్డు గుడ్డులో తాళ్లు చూపించేసరికి యజమాని ముఖం తేటపడింది, ఆ కస్టమర్‌కి ఫోన్ చేస్తానన్నాడు.

అసలు విషయం రేకుల గది ట్రేల్లో ఉంది. షెడ్డు గుడ్లలో ఎండకి తెల్లసొన నీళ్లలా పల్చబడింది, అంతే, చుక్క మారలేదు. ఒకదాంట్లో మాత్రం సొన మీద ఓ పక్కన ఆవగింజంత రక్తం చుక్క. మొదటి దొడ్డి ట్రేలో చాలా గుడ్లకి చుక్క పెరిగి చిన్న బటన్ అంత అయింది, ఎగుడుదిగుడుగా, మరకలా. రెండు గుడ్లలో సన్నటి ఎర్రటి రింగు, ఒకదాంట్లో రింగు నుంచి వెంట్రుకల్లాంటి నరాలు. రెండు రకాల రక్తం పక్కపక్క ప్లేట్లలో పెట్టి చూడమన్నా. ఈ కేసులో అన్నిటికన్నా ఉపయోగపడింది ఆ రెండు ప్లేట్లే అనుకుంటా.

మొదటిది, ఆవగింజంత చుక్క, పుంజుకి సంబంధం లేనిది. సొన అండాశయం నుంచి విడిపోయేటప్పుడు దాని సంచి మీద రక్తనాళాలు లేని ఒక గీత దగ్గర చిట్లాలి, ఒక్కోసారి పక్కనున్న సన్నటి నాళం తెగి ఒక బొట్టు సొనకి అంటుకుంటుంది. గోధుమ రంగు పెంకు పెట్టే జాతుల్లో ఎక్కువ, కొన్ని వంశాల్లో వస్తుంది, దాణాలో విటమిన్ ఏ తక్కువైనా, కోళ్లు బెదిరినా పెరుగుతుంది. గుడ్డు పాడైనట్టు కాదు, ఆ బొట్టు తీసేసి బాగా వండుకుని తినొచ్చు. ఎక్కడైనా ఉంటుంది, సొన మీద ఏ పక్కనైనా, తెల్లసొనలో కూడా, ముద్దలా ఉంటుంది. రెండోది రింగు, ఇది ఎప్పుడూ ఆ చుక్క ఉన్న చోటే చుట్టూ ఏర్పడుతుంది, ముద్దలా కాకుండా గీతలా వలలా ఉంటుంది. పొదిగే వేడి తగిలి రక్తనాళాలు మొదలై, మధ్యలో వేడి పోయి పెరుగుదల ఆగి చనిపోతే మిగిలే గుర్తు అది. ఇది అమ్మకూడదు, తినకూడదు, చనిపోయింది కుళ్లడం మొదలవుతుంది.

ఎన్నాళ్లకి ఏమవుతుందో తెలిస్తే లెక్క తేలిక. పొదిగే వేడి 37.5 డిగ్రీల దగ్గర అయితే మొదటి రోజు చుక్క వెడల్పవుతుంది, రెండో రోజు గుండె కొట్టుకోవడం, నాళాలు మొదలు, మూడో రోజుకి మామూలు కంటికే నరాలు తెలుస్తాయి. 20, 21 డిగ్రీల కింద ఉంటే పెరుగుదల ఆగిపోతుంది. ఈ రెండిటికీ మధ్యలో, అంటే మన రేకుల గదిలా 27 నుంచి 33, పూర్తిగా ఆగదు, సరిగ్గా సాగదు, వంకరగా పెరిగి చచ్చిపోతుంది. ఈ ఫామ్‌లో నేననుకున్నది ఏంటంటే పెరిగిన చుక్కలన్నీ గది వేడి వల్ల, ఎర్ర రింగులు మాత్రం పొదుగు పెట్ట కింద రోజో రెండ్రోజులో ఉండి తర్వాత గదిలోకి వచ్చిన గుడ్లవి. సాయంత్రం ఏరేటప్పుడు పొడుస్తుందని ఆ గుడ్లని ఒక్కోరోజు వదిలేసేదాన్ని అని ఆవిడే ఒప్పుకుంది. ఎండాకాలంలోనే కంప్లయింట్లు ఎందుకొచ్చాయో కూడా దీంతో తేలింది.

ఫెర్టైల్ గుడ్డు తొందరగా పాడవుతుంది అనే మాటలో నిజం ఉన్నది ఇంతవరకే. చల్లగా పెడితే రెండిటికీ తేడా లేదు, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఫెర్టైల్ గుడ్డు పెరగదు, కొన్ని రోజులకి అది పిల్లగా మారే అవకాశం కూడా పోతుంది. వేడిలో పెడితేనే తేడా.

ఇంక పోషకాల దగ్గరికి వద్దాం, ఇక్కడే యజమాని గట్టిగా పట్టుబట్టాడు. "మీరు చెప్పింది సరే సార్, కానీ నా కళ్లతో చూస్తున్నా కదా, పుంజులున్న దొడ్డి గుడ్డు సొన నారింజ రంగులో ఉంటుంది, షెడ్డుది పాలిపోయి ఉంటుంది, బలం లేకపోతే రంగెందుకు వస్తుంది" అని. ఆయన చూసింది నిజం, ముడిపెట్టింది తప్పు. రెండు దొడ్ల మధ్య తేడా పుంజు ఒక్కటే అయితే ఆయన మాట వినొచ్చు, కానీ ఒక దొడ్డి కోళ్లు ఆకులు తింటున్నాయి, ఇంకోటి బస్తా దాణా తింటోంది, పైగా జాతి వేరు, వయసు వేరు. ల్యాబ్‌కి పంపిద్దాం అన్నాడు. వద్దన్నా, ఎందుకంటే ల్యాబ్ కరెక్టుగానే రిపోర్ట్ ఇస్తుంది, మనం చెప్పుకునే కారణం మాత్రం తప్పవుతుంది. మొదటి దొడ్డి గుడ్లలో కొన్ని విటమిన్లు ఎక్కువ వచ్చినా వచ్చేవి, అది చూపించి పుంజు మహిమ అనేవాడు. ఇలాంటి రిపోర్టులు పట్టుకుని తిరిగేవాళ్లని చాలామందిని చూశా. టెస్టుకి పంపితే ఒకే జాతి ఒకే వయసు ఒకే దాణా తినే కోళ్లని రెండుగా చేసి ఒకదాంట్లో పుంజుని వదిలి పంపాలి, లేకపోతే డబ్బులు దండగ.

దానికి బదులు ఖర్చులేని పని ఒకటి చేశాం. మొదటి దొడ్లోంచి పది పుంజుల్నీ తీసేసి, అందులో కొన్నిటిని షెడ్డులో వదిలాం, మేత మాత్రం ఎక్కడిది అక్కడే, ఏం మార్చలేదు. వారానికి ఒకసారి రెండు దొడ్ల నుంచి కొన్ని గుడ్లు కొట్టి, చుక్క చూసి, సొన రంగుని రంగు పట్టీ పక్కన పెట్టి నంబరు రాసుకోమన్నా. ఈ పట్టీలో పాలిపోయిన పసుపు నుంచి ముదురు నారింజ దాకా పదిహేను వరకూ మెట్లుంటాయి, కోళ్ల దాణా అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. మొదట్లో మొదటి దొడ్డికి 11, 12 వచ్చాయి, షెడ్డుకి 6, 7.

షెడ్డులో పుంజుల్ని వదిలిన కొద్ది రోజులకే చక్రాలు కనిపించడం మొదలైంది. సొన రంగు మాత్రం ఆ 6, 7 దగ్గరే ఉంది, కదల్లేదు. మొదటి దొడ్లో పుంజులు పోయినా మొదటి వారం గుడ్లు దాదాపు ముందులాగే ఫెర్టైల్‌గా వచ్చాయి, యజమాని ఆశ్చర్యపోయాడు. ఇది కొత్తగా చూసేవాళ్లకి వింతే, పెట్ట తన గొట్టం కింది భాగంలో సన్నటి గొట్టాల్లో వీర్యకణాలని దాచుకుంటుంది, ఒకసారి పుంజు కలిస్తే రెండు వారాల దాకా, కొన్నిట్లో మూడు వారాల దాకా కూడా ఫెర్టైల్ గుడ్లు వస్తూనే ఉంటాయి. రెండో వారంలో తగ్గుతూ వచ్చి, మూడో వారం అయ్యేసరికి ఎక్కడో ఒకటి, నాలుగో వారం దాటాక ఏమీ లేవు. పుంజుని నిన్ననే తీసేశాం, ఈ గుడ్లన్నీ మామూలువే అని చెప్పి అమ్మేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది. ఇంతా చేసి ఆ దొడ్డి గుడ్ల సొన రంగు 11, 12 దగ్గర అలాగే ఉండిపోయింది. పుంజు పోయింది, జీవం పోయింది, రంగు పోలేదు.

ఆఖర్న షెడ్డు కోళ్లకి దాణా పైన రోజూ తరిగిన పచ్చటి ఆకులు, పసుపు మొక్కజొన్న వేయించాం, మరీ ఎక్కువ కాకుండా చూడమన్నా, ఆకులతో కడుపు నింపుకుంటే దాణా తగ్గి గుడ్లు తగ్గుతాయి. పది రోజులు దాటేసరికి సొన ముదిరింది. పది రోజులే ఎందుకంటే పైన చెప్పిన లెక్కే, సొన నిండటానికి పట్టే టైం అది, పొరలు పొరలుగా నిండుతుంది కాబట్టి కొత్త మేత రంగు మొత్తం రావడానికి అంత పడుతుంది. రంగు ఇచ్చేవి ఆకుల్లో మొక్కజొన్నలో ఉండే పసుపు పదార్థాలు, లూటీన్ లాంటివి, అవి కంటికి మంచివే, కానీ రంగు ముదురుగా ఉంటే ప్రోటీన్ ఎక్కువ అని అర్థం కాదు. బంతిపూల పొడి కలిపిన దాణాతో షెడ్డు గుడ్డుని కూడా ఎంత నారింజగా కావాలంటే అంత చెయ్యొచ్చు, చేస్తున్నారు కూడా.

మేతతో నిజంగా మారేవి ఏంటి అని ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. విటమిన్ ఏ, డి, ఈ, కొన్ని బీ విటమిన్లు, అయోడిన్, సెలీనియం, కొవ్వులో ఏ రకం కొవ్వు అనేది, ఇవి పెట్ట తినేదాన్ని బట్టి బాగానే మారతాయి. అవిసె గింజలు వేస్తే ఒమేగా 3 పెరుగుతుంది. మొత్తం ప్రోటీన్, మొత్తం కొలెస్ట్రాల్ మాత్రం ఏం పెట్టినా పెద్దగా కదలవు. ఫెర్టైల్ గుడ్డుకి బలం ఎక్కువ అనే నమ్మకానికి ఒక మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. పిల్లలు తీసే కోళ్లకి దాణాలో విటమిన్లు ఎక్కువ కలుపుతారు, గుడ్లలోంచి పిల్లలు బాగా రావాలని, ఆ గుడ్డులోకి ఆ విటమిన్లు కొంచెం ఎక్కువే చేరతాయి. అది దాణా వల్ల, అదే దాణా పుంజు లేని పెట్టకి పెడితే దాని గుడ్డులోకీ చేరతాయి.

ఇంకో వాదన కూడా వచ్చింది, కాస్త పెరగనిస్తే పోషకాలు పెరుగుతాయి కదా, మొలకెత్తిన గింజల్లాగా అని. గుడ్డు పెంకులోంచి లోపలికి వెళ్లేది గాలే, మేత కాదు. పిల్ల పెరిగేకొద్దీ సొనలో కొవ్వుని ఖర్చు చేసుకుంటుంది, నీళ్లు ఆవిరై పోతాయి, 21 రోజుల పొదుగు అయ్యేలోపు గుడ్డు బరువు పన్నెండు శాతం పైగా తగ్గుతుంది. పిల్ల లోపలున్నదాన్ని వేరే రూపంలోకి మార్చుకుంటుంది, కొత్తగా ఏదీ పుట్టదు.

జీవం ఉన్న గుడ్డు కాబట్టి పచ్చిదే తాగాలి, వండితే బలం పోతుంది అని కొనేవాళ్లలో కొందరు అంటున్నారంట. దీని మీద ఎక్కువ మాట్లాడను. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అని ఒకటి ఉంటుంది, బయోటిన్ అనే విటమిన్‌ని పట్టేసి ఒంటికి అందనివ్వదు, వండితే దాని పని పోతుంది. ప్రోటీన్ కూడా వండితేనే బాగా అరుగుతుంది. సాల్మొనెల్లా బాక్టీరియా భయం వేరే. ఫెర్టైల్ అయినా కాకపోయినా ఇవి రెండిటికీ ఒకటే.

మార్పులు ఏం చేశామంటే, తినే గుడ్ల దొడ్లలో ఇక పుంజులు లేవు. పిల్లలు కావాలనుకుంటే విడిగా ఒక చిన్న గూడు, పది పెట్టలకి ఒక పుంజు, ఆ గుడ్లు ట్రేల్లోకి రావు. గుడ్లు రోజుకి మూడుసార్లు ఏరుతున్నారు, ఎండలు ఎక్కువైతే నాలుగు. పొదుగుకి వచ్చిన పెట్టని అదే రోజు తీసి కింద గాలాడే తీగల బోనులో ఉంచితే మూడు నాలుగు రోజుల్లో పొదుగు వదిలేస్తుంది. రేకుల గది బదులు లోపలి గదిలో చిన్న కూలింగ్ మిషన్ పెట్టి 18 డిగ్రీల కిందే ఉంచుతున్నారు. అక్కడి నుంచి తీసి వేడి గాల్లో పెడితే పెంకు మీద చెమట పడుతుంది, ఆ తడిని పట్టుకుని పెంకు రంధ్రాల్లోంచి బాక్టీరియా లోపలికి పోతుంది, అందుకే బండి వచ్చాకే తీసి నేరుగా ఎక్కించమన్నా, తుడవకూడదు కూడా.

అమ్మే ముందు చీకటి గదిలో లైటుకి పట్టి చూడటం నేర్పించా, అయితే దాని హద్దులు కూడా చెప్పా. తాజా గుడ్డుని లైటుకి పట్టి ఫెర్టైలా కాదా అని ఎవరూ చెప్పలేరు, చెప్తాం అంటే నమ్మొద్దు. పొదిగే వేడిలో మూడు రోజులు ఉంటే నరాలు తెలుస్తాయి, దాన్నే లైటుతో పట్టుకోగలం. నీళ్లలో వేసి తేలిందా మునిగిందా చూసేది పాతదా కొత్తదా తెలియడానికే, ఫెర్టైల్ సంగతి దాంతో తేలదు. గుడ్డు ఆకారం బట్టి, పెంకు రంగు బట్టి కూడా తేలదు. పాత గుడ్డు కొడితే చుక్క మరకబారి ఉంటుంది, అప్పుడు అది అసలు ఫెర్టైల్ కానిదా, మొదట్లోనే చచ్చిపోయినదా అన్నది అనుభవం ఉన్నవాళ్లకే కష్టం, కాబట్టి కంప్లయింట్ మీద వచ్చిన పాత గుడ్డు చూసి తీర్పు చెప్పకుండా తాజావి కొట్టి చూడాలి.

ఎర్ర రింగులు ఆగిపోయాయి. ఆవగింజంత రక్తం మచ్చలు మాత్రం ఇప్పటికీ అడపాదడపా వస్తున్నాయి, రావు అని నేనూ మాటివ్వలేదు. మొదటి దొడ్డి గుడ్ల పెంకు గోధుమ రంగు కాబట్టి లైటుకి పట్టినా కొన్ని దొరక్కుండా పోతాయి, అలా పోయిన ఒకటి కస్టమర్‌కి దొరికితే వేరే గుడ్డు ఇచ్చి, ఇది పిల్ల కాదు, పెట్ట లోపల చిట్లిన చిన్న నాళం అని చెప్తున్నారు. కొత్త లేబుల్ మీద "బయట తిరిగి ఆకులు తినే కోళ్ల గుడ్లు, ఏరిన తేదీ" అని మాత్రమే ఉంది, ఆ తేదీ రాసే పని ఆవిడ చూసుకుంటోంది. రేటు తగ్గించాల్సి వస్తుందేమో అని యజమాని భయపడ్డాడు గానీ అడిగి కొనేవాళ్లలో ఎక్కువమంది వచ్చేది సొన రంగు చూసేనంట, పుంజుల గురించి అడిగేవాళ్లు తక్కువ.